ఇరవై నిమిషాల ముందస్తు సమాచారం: బ్రిటన్ గగనతల రక్షణను రాడార్ మార్చిన తీరు

1930ల ఆరంభంలో బ్రిటిష్ వైమానిక దళాన్ని వేధించిన సమస్య ప్రధానంగా సమయానికి సంబంధించినది. డోవర్ దగ్గర ఇంగ్లిష్ చానెల్ వెడల్పు దాదాపు 34 కిలోమీటర్లు. గంటకు 320 కిలోమీటర్ల వేగంతో వచ్చే బాంబర్ విమానం ఆ దూరాన్ని ఆరున్నర నిమిషాల్లో దాటుతుంది. దాన్ని ఎదుర్కోవలసిన ఫైటర్ విమానం నేల మీద నుంచి లేచి 6,000 మీటర్ల ఎత్తుకు చేరడానికే ఎనిమిది నుంచి పది నిమిషాలు కావాలి. తీరంలో కాపలా ఉన్న మనిషి విమానాలను చూసి, ఫోన్ చేసి, ఆ కబురు విమానాశ్రయానికి అందేలోగా మరికొన్ని నిమిషాలు గడిచిపోతాయి. తీరప్రాంతపు ఓడరేవులనూ విమానాశ్రయాలనూ ఈ లెక్కన కాపాడటం అసాధ్యం. కాస్త లోపలికి ఉన్న లండన్ విషయంలో కూడా ఫైటర్లు సరైన ఎత్తుకు చేరేసరికి బాంబర్లు ఎక్కడున్నాయో తెలిసే వీలు ఉండేది కాదు.

ఫైటర్లను ఎప్పుడూ గాలిలోనే తిప్పుతూ ఉంచవచ్చు కదా అనిపిస్తుంది. అయితే అప్పటి ఫైటర్ విమానానికి ఇంధనం గంటన్నరకు మించి సరిపోయేది కాదు. ఒక విమానం కాపలా తిరుగుతుంటే, మరొకటి దాని స్థానంలోకి వెళ్లడానికి సిద్ధంగా ఉండాలి, ఇంకొకటి దిగి ఇంధనం నింపుకుంటూ ఉండాలి. పొడవైన తీరం అంతటా పగలంతా ఇలా కాపలా పెట్టాలంటే ఉన్న దళం ఏ మూలకూ చాలదు, శత్రువు రాకముందే పైలట్లూ ఇంజిన్లూ అలసిపోతాయి. 1932 నవంబరు 10న బ్రిటిష్ రాజకీయ నాయకుడు స్టాన్లీ బాల్డ్విన్ పార్లమెంటులో మాట్లాడుతూ, ఎవరెన్ని చెప్పినా బాంబర్ ఎలాగైనా చేరి తీరుతుందని అన్న మాట నిరాశావాదంగా కనిపించవచ్చు కానీ, ఆనాటి సాధనాలతో చూస్తే అది లెక్కకు నిలిచే మాటే.

అప్పటికి చేతిలో ఉన్న ముందస్తు సాధనం శబ్దం ఒక్కటే. కెంట్ తీరంలోని డెంజ్ వద్ద, విమానాల ఇంజిన్ చప్పుడును ఒకచోటికి చేర్చడానికి పుటాకారపు కాంక్రీటు గోడలు కట్టారు. వాటిలో పెద్దదాని పొడవు 200 అడుగులు. వాతావరణం అనుకూలించిన రోజున అవి సుమారు 30 కిలోమీటర్ల దూరాన్ని అందుకోగలిగేవి. అంత దూరం నుంచి శబ్దం రావడానికి దాదాపు 90 సెకన్లు పడుతుంది, ఆ వ్యవధిలో విమానం మరో ఎనిమిది కిలోమీటర్లు ముందుకు వచ్చేసి ఉంటుంది. గాలి వీచినా, దగ్గరలో ఓడ వెళ్లినా వినికిడి దెబ్బతినేది. పైగా విమానాల వేగం పెరిగేకొద్దీ ఈ పద్ధతి విలువ తగ్గుతూ పోయింది, దాన్ని మెరుగుపరచడానికి శబ్దవేగం అనే ప్రకృతి నియమమే అడ్డు నిలిచింది.

1934లో బ్రిటన్ వైమానిక మంత్రిత్వ శాఖలో పనిచేస్తున్న ఏ.పీ. రో, గగనతల రక్షణపై శాఖ దగ్గర ఉన్న దస్త్రాలన్నీ పరిశీలించి, కొత్త విజ్ఞాన పద్ధతి ఏదైనా దొరకకపోతే వచ్చే యుద్ధంలో ఓటమి తప్పదన్న అర్థంలో పై అధికారులను హెచ్చరించాడు. దాని ఫలితంగా హెన్రీ టిజార్డ్ అధ్యక్షతన ఒక శాస్త్రవేత్తల కమిటీ ఏర్పడి, 1935 జనవరి 28న తొలిసారి సమావేశమైంది. అదే సమయంలో శాఖ పరిశోధన విభాగాధిపతి హెచ్.ఈ. వింపెరిస్, జాతీయ భౌతిక ప్రయోగశాల రేడియో విభాగాన్ని నడుపుతున్న రాబర్ట్ వాట్సన్-వాట్‌ను ఒక ప్రశ్న అడిగాడు. పత్రికల్లో తరచూ వినిపిస్తున్న 'మృత్యుకిరణం' నిజంగా సాధ్యమేనా, రేడియో శక్తితో పైలట్‌ను నిర్వీర్యుణ్ణి చేయవచ్చా అన్నది ఆ ప్రశ్న.

వాట్సన్-వాట్ ఆ లెక్కను తన సహాయకుడు ఆర్నాల్డ్ విల్కిన్స్‌కు అప్పగించాడు. మనిషి శరీరంలోని రక్తంతో సమానమైన నీటిని కొన్ని కిలోమీటర్ల దూరం నుంచి తీవ్రమైన జ్వరపు ఉష్ణోగ్రతకు వేడిచేయాలంటే ఎంత రేడియో శక్తి కావాలో విల్కిన్స్ లెక్కగట్టాడు. వచ్చిన జవాబు ఆనాటి ఏ ట్రాన్స్‌మిటర్‌కూ అందనంత పెద్దది. మృత్యుకిరణం ఆలోచన అక్కడితో ముగిసింది. అయితే దగ్గరలో విమానాలు ఎగిరినప్పుడు తమ రేడియో ప్రసారాలు చెదురుతున్నాయని తపాలా శాఖ ఇంజినీర్లు చెప్పిన సంగతి విల్కిన్స్‌కు గుర్తుంది. నాశనం చేయలేకపోయినా కనిపెట్టడం కుదురుతుందేమో అన్న ఆలోచన అక్కడి నుంచి వచ్చింది.

విల్కిన్స్ రెండో లెక్క సరళమైనదే అయినా ఎంతో తెలివైనది. లోహపు రెక్కలున్న బాంబర్‌ను అతడు గాలిలో అడ్డంగా వేలాడుతున్న ఒక తీగలా భావించాడు. ఒక తీగ పొడవు రేడియో తరంగదైర్ఘ్యంలో సగం ఉన్నప్పుడు అది ఆ తరంగాలను బాగా గ్రహించి తిరిగి వెదజల్లుతుంది. బాంబర్ రెక్కల కొలత దాదాపు 25 మీటర్లు కాబట్టి 50 మీటర్ల తరంగం తగినదని తేలింది. విమానం నుంచి తిరిగివచ్చే శక్తి చాలా స్వల్పమే, దూరం రెట్టింపయితే అది పదహారో వంతుకు పడిపోతుంది. అయినా ఆ కాస్త శక్తినీ అప్పటి రిసీవర్లు పట్టుకోగలవని లెక్క చెప్పింది. దీని ఆధారంగా వాట్సన్-వాట్ 1935 ఫిబ్రవరి 12న తన నివేదిక ఇచ్చాడు.

అప్పట్లో శాఖలో పరిశోధన బాధ్యతలు చూస్తున్న హ్యూ డౌడింగ్ కాగితం మీది లెక్కలకు డబ్బు ఇవ్వడానికి ఇష్టపడక, కళ్లతో చూసే పరీక్ష కావాలన్నాడు. ఫిబ్రవరి 26న ఆ పరీక్ష జరిగింది. ప్రత్యేకంగా ట్రాన్స్‌మిటర్ తయారుచేసే వ్యవధి లేకపోవడంతో, డావెంట్రీలోని బీబీసీ షార్ట్‌వేవ్ కేంద్రం 49 మీటర్ల మీద చేస్తున్న ప్రసారాన్నే వాడుకున్నారు. కొన్ని కిలోమీటర్ల అవతల పొలంలో ఒక వాహనంలో రిసీవర్ పెట్టారు. కేంద్రం నుంచి నేరుగా వచ్చే సంకేతాన్ని దాదాపు రద్దుచేసేలా దాన్ని సర్దారు, ఇంకేదైనా సంకేతం వస్తే కాథోడ్ రే ట్యూబ్ మీద అది కనిపిస్తుంది. హేఫర్డ్ బాంబర్ ఒకటి ఆ ప్రసారం గుండా అటూ ఇటూ ఎగిరింది. తెర మీది ఆకుపచ్చ గీత పెరిగి, తగ్గి, మళ్లీ పెరిగింది. ఆ ప్రభావం సుమారు 13 కిలోమీటర్ల దూరం దాకా తెలిసింది. పరిశోధనకు డబ్బు మంజూరైంది.

ఈ పరీక్షలో తేలింది విమానం ఉనికి మాత్రమే. అది ఎంత దూరంలో ఉందో తెలియాలంటే నిరంతర ప్రసారం పనికిరాదు, తరంగాన్ని చిన్న చిన్న పల్స్‌లుగా కొట్టి, ఒక్కొక్క పల్స్ వెళ్లి తిరిగి రావడానికి పట్టిన కాలాన్ని కొలవాలి. అదృష్టవశాత్తూ ఇందుకు కావలసిన విద్య అప్పటికే ఉంది. భూమికి పైన ఉన్న అయనావరణం ఎత్తును శాస్త్రవేత్తలు దాదాపు పదేళ్లుగా ఇదే పద్ధతిలో కొలుస్తున్నారు, వాట్సన్-వాట్ విభాగం చేస్తున్నదీ ఆ కోవకు చెందిన పరిశోధనే. రేడియో తరంగం కాంతివేగంతో ప్రయాణిస్తుంది కాబట్టి 150 కిలోమీటర్ల దూరంలోని విమానం నుంచి ప్రతిధ్వని సెకనులో వెయ్యో వంతు కాలంలో తిరిగివస్తుంది. శబ్దం మీద ఆధారపడినప్పుడు ఎదురైన ఆలస్యం ఇక్కడ లేదు. సఫోక్ తీరంలోని ఆర్ఫర్డ్‌నెస్‌లో మే నెలలో పని మొదలైంది, జూన్ 17 నాటికి 27 కిలోమీటర్ల దూరంలో ఒక విమానం పట్టుబడింది. ఆ ఏడాది ముగిసేలోపే తీరం వెంట తొలి ఐదు కేంద్రాల నిర్మాణానికి ప్రభుత్వం అనుమతి ఇచ్చింది. 1936లో పరిశోధన బృందం దగ్గరలోని బాడ్‌సీ మేనర్ అనే పెద్ద భవంతికి మారింది.

ఈ ఆలోచన బ్రిటన్‌లో మాత్రమే పుట్టలేదు. జర్మన్ ఇంజినీర్ క్రిస్టియన్ హ్యూల్స్‌మయర్ 1904లోనే ఓడల నుంచి రేడియో ప్రతిధ్వనులను పట్టి చూపించాడు. 1930ల మధ్యలో జర్మనీ, అమెరికా, ఫ్రాన్స్, సోవియట్ యూనియన్ తమ తమ రహస్య ప్రయోగశాలల్లో ఇంచుమించు ఒకే దారిలో నడుస్తున్నాయి. సాంకేతిక నైపుణ్యంలో బ్రిటన్ అందరికన్నా ముందుందని చెప్పడానికి కూడా వీల్లేదు. వాళ్లు కట్టిన యంత్రాన్ని పరిశీలిస్తే ఆ సంగతి స్పష్టమవుతుంది.

'చెయిన్ హోమ్' అని పిలిచిన ఆ కేంద్రాలు 10 నుంచి 13 మీటర్ల తరంగాలతో పనిచేసేవి. మొదట అనుకున్న 50 మీటర్ల తరంగంతో అయనావరణం నుంచి అనవసరపు ప్రతిధ్వనులూ ఇతర ప్రసారాల అలజడీ రావడంతో అంచెలంచెలుగా తగ్గించుకుంటూ వచ్చారు. ఇంకా పొట్టి తరంగాలు వాడితే సన్నని కిరణాన్ని తయారుచేసి అటూ ఇటూ తిప్పవచ్చు. కానీ అంత పొట్టి తరంగాల మీద పెద్ద శక్తినిచ్చే ఎలక్ట్రానిక్ వాల్వులు అప్పటికి బ్రిటన్‌లో లేవు. అందుకని 360 అడుగుల ఉక్కు టవర్ల మధ్య తీగలు కట్టి, సముద్రం వైపు ఆకాశమంతటినీ ఒకేసారి ముంచెత్తేలా సెకనుకు 25 పల్స్‌లు పంపారు, పక్కన 240 అడుగుల చెక్క టవర్ల మీద రిసీవర్ యాంటెన్నాలు పెట్టారు. దీనికన్నా మెరుగైన యంత్రం సాధ్యమేనని వాట్సన్-వాట్‌కు తెలుసు. అత్యుత్తమమైనది ఎప్పటికీ రాదు, రెండోది ఆలస్యంగా వస్తుంది, కాబట్టి ఇప్పటికి మూడోదానితో పని మొదలుపెట్టాలన్నది ఆయన సూత్రం. యుద్ధం మొదలయ్యే నాటికి దాదాపు 20 కేంద్రాలు పనిచేస్తూ ఉన్నాయంటే కారణం ఆ నిర్ణయమే.

మూడో రకం యంత్రానికి మూడో రకం లోపాలు ఉంటాయి. ఆపరేటర్ ముందు తిరిగే కిరణం, పటంలాంటి గుండ్రటి తెర ఉండవు. ఒక అడ్డగీత, దాని వెంట దూరాన్ని తెలిపే కొలమానం మాత్రమే ఉంటాయి. విమానం ఉన్నచోట గీత కిందికి వంగుతుంది, ఆ చోటు చూసి దూరం చెప్పవచ్చు. దిక్కు తెలియాలంటే గోనియోమీటర్ అనే పరికరపు చక్రాన్ని తిప్పుతూ ఆ వంపు ఎక్కడ మాయమవుతుందో చూడాలి. ఎత్తు తెలియాలంటే టవర్ మీద వేర్వేరు ఎత్తుల్లో ఉన్న యాంటెన్నాలు పట్టిన సంకేతాలను పోల్చాలి. విమానాల సంఖ్యను ఆ వంపు కొట్టుకునే తీరును బట్టి అనుభవంతో అంచనా వేయాలి. ఈ పనిలో మహిళా సహాయక వైమానిక దళానికి చెందిన యువతులు చాలా త్వరగా ఆరితేరారు. అయినప్పటికీ దూరం కిలోమీటరు, రెండు కిలోమీటర్ల తేడాతో సరిపోయేది గానీ దిక్కులో కొన్ని డిగ్రీల తప్పు మామూలుగానే వచ్చేది. వంద కిలోమీటర్ల అవతల ఐదు డిగ్రీల తప్పంటే దాదాపు తొమ్మిది కిలోమీటర్ల పక్కకు చూపించడం. ఎత్తు విషయంలో పొరపాటు తరచుగా వేల అడుగుల్లో ఉండేది. బాగా కింద ఎగిరే విమానాలు అసలే కనిపించేవి కావు. వాటి కోసం ఒకటిన్నర మీటర్ల తరంగంతో తిరిగే యాంటెన్నా ఉన్న 'చెయిన్ హోమ్ లో' అనే పేరున్న కేంద్రాలను 1939 చివరి నుంచి విడిగా జోడించవలసి వచ్చింది.

ఇంత కరుకైన సమాచారంతో ఫైటర్లను నడపడం ఎలా సాధ్యమైందన్నదే ఈ చరిత్రలో అసలైన ప్రశ్న. 1936లో బిగ్గిన్ హిల్ విమానాశ్రయంలో టిజార్డ్ చేయించిన ప్రయోగాలను దీనికి జవాబుగా చూడాలి. అప్పటికి కేంద్రాలు పూర్తిగా తయారుకాలేదు, అయినా రాడార్ ఇలాంటి సమాచారం ఇస్తుందనుకుంటే దాన్ని ఎలా వాడాలో ముందుగానే తేల్చుకోవాలని ఆయన పట్టుబట్టాడు. గాలిలో ఉన్న ఫైటర్లను, కదిలే బాంబర్‌తో కలిసే చోటికి నడిపించడానికి అధికారులు మొదట పటాలు, కొలబద్దలు, లెక్కలతో తంటాలు పడ్డారు. టిజార్డ్ చూపిన మార్గం సమద్విబాహు త్రిభుజం. బాంబర్ ఉన్న చోటునూ ఫైటర్ ఉన్న చోటునూ కలుపుతూ ఒక గీత గీయాలి. ఆ గీతతో బాంబర్ దారి ఎంత కోణం చేస్తోందో, ఫైటర్‌ను కూడా అంతే కోణంలో ఎదురు పంపాలి. వేగాలు సమానమైతే త్రిభుజం శిఖరం దగ్గర రెండూ కలుస్తాయి, ఫైటర్ వేగం ఎక్కువైతే ఇంకా కాస్త ముందే చేరి కాచుకుంటుంది. బాంబర్ దారి మార్చినప్పుడల్లా కొత్త గీత గీస్తే చాలు. అనుభవమున్న అధికారి దీన్ని కంటి అంచనాతోనే చేయగలిగాడు. తన ఫైటర్ ఎక్కడుందో అతడికి తెలియాలి కాబట్టి, ప్రతి నిమిషంలో 14 సెకన్ల పాటు దానంతటదే సంకేతం పంపే ఏర్పాటును ఫైటర్ల రేడియోలో అమర్చారు, నేల మీది దిశాసూచక కేంద్రాలు దాన్ని బట్టి ఫైటర్ స్థానాన్ని గుర్తించేవి.

రెండో అడుగు ఫిల్టర్ రూమ్. ఒకే దాడిని రెండు మూడు కేంద్రాలు చూసి, ఒక్కొక్కటి ఒక్కో చోటును చెప్తే, ఆ ముడి సమాచారాన్ని యథాతథంగా ఫైటర్ స్థావరాలకు పంపడం ప్రమాదం. ఒక దాడి మూడు దాడులుగా కనిపిస్తుంది. అందుకని అన్ని కేంద్రాల ఫోన్ లైన్లూ లండన్ శివార్లలోని బెంట్లీ ప్రయరీలో, అంటే ఫైటర్ కమాండ్ ప్రధాన కార్యాలయంలో, ఒక గదికి చేరేలా చేశారు. అక్కడ పెద్ద బల్ల మీద పరచిన పటంపై ఫిల్టర్ అధికారులు కేంద్రాల మాటలను సరిచూసేవాళ్లు. దిక్కును నమ్మలేకపోయినా దూరాన్ని నమ్మవచ్చన్న సంగతిని వాళ్లు ఇక్కడ వాడుకున్నారు. ఉదాహరణకు ఒక కేంద్రం 90 కిలోమీటర్లనీ, పక్క కేంద్రం 75 కిలోమీటర్లనీ చెప్తే, ఆ రెండు కేంద్రాల నుంచి ఆ దూరాలతో వృత్తఖండాలు గీసినప్పుడు అవి కలిసిన చోటే దాడి ఉన్న చోటు. ఏ కేంద్రం ఎత్తును ఎటువైపు తప్పు చెప్తుంది, ఏ ఆపరేటర్ సంఖ్యను తగ్గించి చెప్తుంది అన్నది కూడా వాళ్లకు అనుభవంతో తెలిసేది. ఇలా తేలిన ఒకే ఒక జాడ పక్క గదిలోని ఆపరేషన్స్ రూమ్‌కూ, ఒక్కో ప్రాంతపు రక్షణను చూసే గ్రూప్ కార్యాలయాలకూ, వాటి పరిధిలోని చిన్న భాగాలైన సెక్టార్ల స్థావరాలకూ ఒకేసారి వెళ్లేది. తీరం దాటి లోపలికి వచ్చిన విమానాలను రాడార్ చూడలేదు, ఎందుకంటే అది సముద్రం వైపే చూస్తుంది. అక్కడి నుంచి అబ్జర్వర్ కోర్ స్వచ్ఛంద సేవకులు కళ్లతో, బైనాక్యులర్లతో చూసి చెప్పిన సమాచారమే ఆధారం.

ఈ గొలుసంతటికీ కాలం పడుతుంది. ఒక ప్రతిధ్వని సెక్టార్ స్థావరం బల్ల మీద గుర్తుగా మారేసరికి దాదాపు నాలుగు నిమిషాలు గడిచేవి. అంటే బాంబర్లు అప్పటికి 20 కిలోమీటర్లు ముందుకు వచ్చేసి ఉంటాయి. ఈ ఆలస్యాన్ని దాచిపెట్టకుండా కనిపించేలా చేసిన ఉపాయం మెచ్చుకోదగ్గది. గోడ గడియారంలో ఒక్కొక్క ఐదు నిమిషాల భాగానికి ఎరుపు, పసుపు, నీలం రంగులు వరుసగా వేశారు. సమాచారం వచ్చిన సమయానికి ముల్లు ఏ రంగు మీద ఉందో ఆ రంగు గుర్తునే బల్ల మీద పెట్టాలి. ఫైటర్లను నేల మీది నుంచి నడిపించే కంట్రోలర్ బల్ల వైపు ఒక్కసారి చూస్తే ఏ జాడ తాజాది, ఏది పాతబడింది అన్నది తెలిసిపోతుంది.

ఇంత జాగ్రత్తగా కట్టిన వ్యవస్థ మొదటి వారంలోనే ఘోరంగా తప్పింది. 1939 సెప్టెంబరు 6 ఉదయం ఎసెక్స్ తీరంలో శత్రు విమానాలు వస్తున్నాయన్న తప్పుడు సమాచారం మీద కొన్ని ఫైటర్లు పైకి లేచాయి. వాటినే మళ్లీ శత్రువులుగా లెక్కించడంతో బల్ల మీద దాడి ఇంకా పెద్దదిగా కనిపించింది, దానిని ఎదుర్కోవడానికి మరిన్ని ఫైటర్లను పంపారు. చివరికి 74వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు 56వ స్క్వాడ్రన్‌కు చెందిన రెండు హరికేన్లను కూల్చాయి. పైలట్ మాంటేగ్ హల్టన్-హారప్ మరణించాడు. ఆ యుద్ధంలో బ్రిటిష్ ఫైటర్ పైలట్లలో తొలి మరణం అదే, అదీ సొంతవారి చేతుల్లో. ఆ ఉదయం కూలిన శత్రు విమానం ఒక్కటీ లేదు. తన విమానమో శత్రువుదో రాడార్ తెర మీదే తెలిపేలా, ప్రతిధ్వనిని ఒక క్రమంలో పెద్దది చేసి చూపే గుర్తింపు పరికరాన్ని ఫైటర్లలో అమర్చే పని దీని తరువాత త్వరపడింది. 1940 వేసవి నాటికి ఆ లోటు చాలావరకు తీరింది.

ఆ వేసవిలో జర్మన్ వైమానిక దళం ఈ టవర్లను చూడలేదనుకోవడం పొరపాటు. ఫ్రాన్స్ తీరం నుంచి బైనాక్యులర్లతో చూసినా అవి కనిపిస్తాయి. ఆగస్టు 12న వాల్టర్ రూబెన్స్‌డోర్ఫర్ నాయకత్వంలోని ప్రత్యేక దళం డోవర్, రై, పెవెన్సీ, డన్‌కిర్క్ కేంద్రాల మీద బాంబులు వేసింది. ఈ డన్‌కిర్క్ కెంట్ ప్రాంతంలోని గ్రామం. మధ్యాహ్నం వైట్ ద్వీపంలోని వెంట్నర్ కేంద్రాన్ని జూ 88 బాంబర్లు ధ్వంసం చేశాయి. కానీ ఉక్కు కడ్డీల అల్లికగా ఉన్న టవర్లలోంచి పేలుడు ఒత్తిడి దూసుకుపోయింది, టవర్లు నిలబడ్డాయి. దెబ్బతిన్నవి గుడిసెలు, విద్యుత్ తీగలు. మిగతా కేంద్రాలు కొన్ని గంటల్లోనే మళ్లీ ప్రసారం మొదలుపెట్టాయి. వెంట్నర్ ఖాళీని సంచార పరికరాలతో పూడ్చుకున్నారు. ఆ పల్స్‌లను అటు నుంచి విన్న జర్మన్లకు కేంద్రాలేవీ ఆగినట్లు అనిపించలేదు. ఆగస్టు 15న జర్మన్ వైమానిక దళాధిపతి గోరింగ్, దాడికి గురైన కేంద్రాల్లో ఒక్కటి కూడా మూతపడలేదు కాబట్టి వీటి మీద దాడులు కొనసాగించడంలో ప్రయోజనం ఉందా అని సందేహం వ్యక్తం చేశాడు. ఆ తరువాత రెండు మూడు రోజుల్లో వెంట్నర్, పోలింగ్ కేంద్రాల మీద దాడులు జరిగినా, గొలుసును తెంచాలన్న పట్టుదలతో సాగిన ప్రయత్నం ఆగిపోయింది. నిజానికి వెంట్నర్ దెబ్బ చాలా తీవ్రమైనది. ప్రతి రోజూ అలాంటివి రెండు తగిలి ఉంటే, ఫిల్టర్ రూమ్ ఎంత బాగా పనిచేసినా దానికి అందే సమాచారమే ఉండేది కాదు.

గోరింగ్ పొరపాటుకు మూలం జర్మన్ గూఢచార విభాగం అంచనాలో ఉంది. బ్రిటిష్ ఫైటర్లను నేల మీది నుంచి రేడియోతో నడిపిస్తున్నారని ఆ విభాగానికి తెలుసు. అయితే అలా నడిపించడం వల్ల ఒక్కొక్క స్క్వాడ్రన్ తన సొంత స్థావరానికి కట్టుబడి ఉంటుందనీ, పెద్దసంఖ్యలో దాడి చేస్తే ఒకచోట బలంగా చేరలేదనీ అది భావించింది. జరిగింది దీనికి విరుద్ధం. దేశమంతటికీ ఒకే పటం ఉండటం వల్ల, ఉక్స్‌బ్రిడ్జ్‌లోని 11వ గ్రూప్ అధిపతి కీత్ పార్క్ తన స్క్వాడ్రన్లను ఏ సెక్టార్ నుంచి ఏ సెక్టార్‌కైనా పంపగలిగాడు. సెప్టెంబరు 15 ఉదయం దీనికి మంచి ఉదాహరణ. ఫ్రాన్స్ తీరం మీద జర్మన్ విమానాలు గుమికూడటాన్ని రాడార్ 11 గంటల ప్రాంతంలో పట్టింది. అవి బారులు తీరి ఇంగ్లండ్ తీరం దాటేసరికి 11:30 దాటింది. ఆ అరగంటలో పార్క్ మొదట ఎక్కువ ఎత్తుకు చేరవలసిన స్క్వాడ్రన్లను, ఆ తరువాత లండన్ దగ్గర కాచుకోవలసిన వాటిని వరుసగా లేపాడు, ఉత్తరాన ఉన్న 12వ గ్రూప్ నుంచి కూడా ఐదు స్క్వాడ్రన్లు వచ్చాయి. జర్మన్ బాంబర్లు తీరం నుంచి లండన్ దాకా దాడులను ఎదుర్కొంటూనే రావలసి వచ్చింది. ఆ రోజు 185 విమానాలను కూల్చామని బ్రిటన్ ప్రకటించినా, నిజంగా కూలినవి 60కి అటూ ఇటూ. అయినా సరే, ఫైటర్ కమాండ్ చివరి దశలో ఉందని నమ్మి వచ్చిన జర్మన్ సిబ్బందికి ఎదురుగా ఎటు చూసినా ఫైటర్లే కనిపించాయి. రాడార్ ఫైటర్ల సంఖ్యను పెంచలేదు. కానీ కాపలా తిరుగుళ్లలో వృథా కాకుండా, ఉన్న ప్రతి విమానమూ అవసరమైన గంటలోనే గాలిలో ఉండేలా చేసింది, దీనివల్ల చిన్న దళం పెద్ద దళంలా పనిచేసింది.

యంత్రం ఒక్కటే ఉండి ఈ ఏర్పాటు లేకపోతే ఏమవుతుందో చూడటానికి జర్మనీ వైపే చూడవచ్చు. జర్మన్ల ఫ్రేయా రాడార్ సుమారు 2.4 మీటర్ల తరంగంతో తిరిగే యాంటెన్నాతో పనిచేసేది, యంత్రంగా అది చెయిన్ హోమ్ కన్నా నాజూకైనది. 1939 డిసెంబరు 18న విల్‌హెల్మ్స్‌హాఫెన్ వైపు వస్తున్న బ్రిటిష్ వెలింగ్టన్ బాంబర్లను వాంగెరోగె ద్వీపంలోని ఫ్రేయా 113 కిలోమీటర్ల దూరం నుంచే పట్టింది. అంటే సుమారు ఇరవై నిమిషాల వ్యవధి దొరికింది. అయితే ఆ మాట ఫైటర్ స్థావరానికి చేరినప్పుడు, ఇంత నిర్మలమైన ఆకాశంలో, కాపలా ఫైటర్లు లేకుండా బ్రిటిష్ వారు వస్తారా అని అక్కడివాళ్లు నమ్మలేదు. సమాచారాన్ని సరిచూసి వెంటనే ఆజ్ఞగా మార్చే గది ఏదీ లేకపోవడంతో ఆ వ్యవధిలో చాలా భాగం వృథా అయింది. అలా ఆలస్యంగా లేచిన ఫైటర్లు కూడా 22 వెలింగ్టన్లలో 12 కూల్చాయి. ఆ దెబ్బతో బ్రిటన్ పగటి దాడులను విడిచి క్రమంగా రాత్రి దాడులకు మారింది.

రాత్రి వచ్చేసరికి బ్రిటన్ వ్యవస్థ కూడా దాదాపు నిస్సహాయమైంది. పగటి పూట రాడార్ ఫైటర్‌ను ఎనిమిది పది కిలోమీటర్ల దగ్గరకు చేరిస్తే చాలు, మిగతాది పైలట్ కళ్లు చూసుకుంటాయి. చీకట్లో పైలట్‌కు కనిపించేది కొన్ని వందల మీటర్లే. తీరం దాటాక అబ్జర్వర్ కోర్‌కూ ఏమీ కనిపించదు. 1940 శరదృతువులో లండన్, కొవెంట్రీ నగరాలు కాలిపోతుంటే కూలిన బాంబర్ల సంఖ్య స్వల్పం. ఎడ్వర్డ్ బోవెన్ బృందం విమానంలోనే ఇమిడే చిన్న రాడార్‌ను తయారుచేసింది గానీ, నేల నుంచి వచ్చే ప్రతిధ్వని దాని తెరను కమ్మేయడం వల్ల, విమానం ఎంత ఎత్తులో ఉందో అంతకు మించిన దూరం అది చూడలేకపోయేది. 4,500 మీటర్ల ఎత్తులో ఎగిరే ఫైటర్‌కు దాని చూపు నాలుగున్నర కిలోమీటర్లే. ఫిల్టర్ రూమ్ నుంచి నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చే సమాచారం ఫైటర్‌ను అంత దగ్గరికి చేర్చలేదు.

ఈ ఖాళీని పూడ్చింది కొత్త రకం నేల కేంద్రం. ఒకటిన్నర మీటర్ల తరంగంతో, నేల లోపలి వైపు కూడా చూస్తూ తిరిగే యాంటెన్నా, దాని వెంట తిరిగే గీతతో పటంలా కనిపించే గుండ్రటి తెర అందులో ఉన్నాయి. బాంబర్, ఫైటర్ రెండూ ఒకే తెర మీద చుక్కలుగా కనిపిస్తుంటే, మధ్యలో ఫిల్టర్ రూమ్ లేకుండా కంట్రోలర్ పైలట్‌తో నేరుగా మాట్లాడి, శత్రువు వెనుక నాలుగైదు కిలోమీటర్ల దగ్గరికి తీసుకువెళ్లగలిగాడు. అక్కడి నుంచి బ్యూఫైటర్ విమానంలోని చిన్న రాడార్ పని మొదలవుతుంది. 1941 జనవరిలో రాత్రి ఫైటర్లు కూల్చిన బాంబర్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. మే నెలకు ఆ సంఖ్య తొంభై దాటింది. అయితే ఈ పద్ధతిలో ఒక కంట్రోలర్ ఒక సమయంలో ఒక ఫైటర్‌నే నడపగలడు. గంటకు ఇన్ని బాంబర్లకు మించి ఒక కేంద్రం అందుకోలేదన్న కొత్త పరిమితి ఇక్కడ పుట్టింది.

ఆ పరిమితిని ముందుగా పట్టుకుని వాడుకున్నది బ్రిటిష్ బాంబర్ దళమే. జర్మనీ అప్పటికి బాంబర్లు వచ్చే దారిలోని ఆకాశాన్ని పెట్టెలుగా విభజించి, ఒక్కొక్క పెట్టెకు దూరం చూసే ఒక ఫ్రేయా, బాంబర్‌ను ఒకటి, ఫైటర్‌ను ఒకటి వెంటాడే రెండు వుర్ట్‌స్‌బర్గ్ రాడార్లు, ఒక ఫైటర్ కేటాయించింది. బాంబర్లు వేర్వేరు దారుల్లో విడివిడిగా వచ్చినంత కాలం ఈ ఏర్పాటు చక్కగా పనిచేసింది. 1942 మే 30 రాత్రి కొలోన్ మీదికి వెళ్లిన వెయ్యికి పైగా విమానాలను బ్రిటన్ ఒకే దారిలో, ఒకే ప్రవాహంలా, గంటన్నర వ్యవధిలో పంపింది. ఆ దారిలో ఉన్న కొన్ని పెట్టెల్లోని ఫైటర్లు గంటకు అరడజను బాంబర్లను మాత్రమే ఎదుర్కోగలిగాయి, మిగతావి వాటిని దాటిపోయాయి, పక్క పెట్టెల్లోని ఫైటర్లు ఖాళీగా తిరిగాయి. 1943 జూలై 24 రాత్రి హాంబర్గ్ దాడిలో బ్రిటన్ ఇంకో అడుగు వేసి, వుర్ట్‌స్‌బర్గ్ తరంగదైర్ఘ్యంలో సగం పొడవుండేలా కత్తిరించిన అల్యూమినియం రేకు పట్టీలను కట్టలు కట్టలుగా గాలిలోకి వదిలింది. విల్కిన్స్ బాంబర్ రెక్కలను సగం తరంగదైర్ఘ్యపు తీగగా భావించి చేసిన లెక్కలోని సూత్రమే ఇక్కడ శత్రువు తెరను నింపడానికి ఉపయోగపడింది. ఆ రాత్రి వెళ్లిన 791 విమానాల్లో తిరిగిరానివి 12. జర్మన్ కంట్రోలర్లు ఆ తరువాతి నెలల్లో పెట్టెల పద్ధతికే కట్టుబడి ఉండకుండా, ప్రవాహం ఎటు పోతోందో రేడియోలో నిరంతరం చెప్తూ ఫైటర్లను గుంపుగా దానిలోకి వదిలే పద్ధతికి మారారు. ఆ మార్పుతో 1943–44 శీతాకాలంలో బ్రిటిష్ బాంబర్ల నష్టాలు మళ్లీ బాగా పెరిగాయి.